రొయ్య ధర పూటలో పడుతుంది, కూలి రేటు ఏళ్లైనా దిగదు: మాంద్యం త్వరగా ఎందుకు తెమలదు

క్లుప్తంగా: గిరాకీ పడిపోయినప్పుడు అన్ని ధరలూ, కూళ్లూ, అద్దెలూ ఒకేసారి ఒకే మేర దిగితే పని ఆగాల్సిన అవసరం ఉండదు. కానీ అవి ఒకేసారి దిగవు. రొయ్యలు, కొబ్బరి, ధాన్యం లాంటి సరుకుల ధర వెంటనే పడుతుంది. కూలి రేటు, లీజు, మేత ధర, అప్పు వాయిదా మాత్రం ఉన్నచోటే ఉంటాయి. తగ్గాల్సిన భారం రేటులో తగ్గక, పనిదినాల్లోనూ సాగు విస్తీర్ణంలోనూ తగ్గుతుంది. మాంద్యం ఏళ్ల తరబడి సాగడానికి ఉన్న ప్రధాన కారణాల్లో ఇదొకటి. గోదావరి డెల్టాలో ఇది ఎలా జరుగుతుందో, 1930ల్లో ఎలా జరిగిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

## రెండు రకాల ధరలు, ఒకే ఊళ్లో

2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించిన కొద్ది రోజుల్లోనే భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో చెరువు గట్టు మీద రొయ్యల ధర పడిపోయింది. అప్పటికి ఆ సుంకాలు పూర్తిగా అమల్లోకి కూడా రాలేదు. ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న మరో 25 శాతం అమల్లోకి వచ్చాయి. భారత రొయ్యలకు అమెరికాయే అతి పెద్ద మార్కెట్. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం పండేది ఆంధ్రప్రదేశ్‌లో. అందుకే సముద్రం అవతల తీసుకున్న నిర్ణయం ఇక్కడి కౌంట్ రేటులో, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధరలో, వెంటనే కనిపించింది.

అదే చెరువుకు సంబంధించిన మిగతా రేట్లు చూస్తే కథ వేరు. ఎకరా లీజు ఏడాదికో, అంతకంటే ఎక్కువ కాలానికో ముందే మాట్లాడుకున్నది. మేత బస్తా మీద అచ్చువేసిన ధర అలాగే ఉంటుంది. చెరువు మీద ఉండే కుర్రాళ్ల నెల జీతం మారదు. పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యలు పట్టే పనికి, వచ్చే కూలీల ముఠా రేటు నిరుటిదే. డీలరు దగ్గర ఉన్న బాకీ, దాని మీద వడ్డీ రూపాయల్లో రాసుకున్నవి కనుక రొయ్య ధరతో వాటికి సంబంధమే లేదు.

ఇలా పరిస్థితి మారినా చాలాకాలం కదలకుండా ఉండే రేట్లనే ఆర్థికశాస్త్రంలో స్టికీ వేతనాలు, స్టికీ ధరలు అంటారు. ఎప్పటికీ మారవని కాదు. పెరగడానికి త్వరపడతాయి, దిగడానికి మొండికేస్తాయి. అన్ని రేట్లూ గిరాకీని బట్టి సులువుగా కదిలేవైతే గిరాకీ పడిన కొన్ని వారాల్లోనే లెక్కలు సర్దుకుని, పని మళ్లీ మామూలుగా సాగాలి. మాంద్యాలు అలా సర్దుకోవు. 2011 సార్వాలో కోనసీమ రైతులు ధాన్యానికి గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించి పొలాలు ఖాళీగా వదిలేశారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలీల ఖర్చు, పెట్టుబడి అంతకంతకూ పెరిగాయి. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అది మాంద్యం కాదు. కానీ ఖర్చులు దిగకపోతే ఆగేది పనే అన్న విషయం అప్పుడు డెల్టా అంతటికీ కళ్లకు కట్టింది.

## ఒక చెరువు లెక్క

లెక్క కోసం ఐదెకరాల లీజు చెరువు ఒకటి అనుకుందాం. అంకెలు ఊహించినవే, సులువుగా ఉండాలని గుండ్రంగా తీసుకున్నవి. పంటకు 10 టన్నుల వెనామీ రకం రొయ్య వస్తుంది, కిలో 260 రూపాయలు. మొత్తం రాబడి 26 లక్షలు.

ఖర్చుల్లో మేత 12 లక్షలు, ఆ పంటకాలానికి లీజు రెండున్నర లక్షలు, రొయ్య పిల్ల 2 లక్షలు, కరెంటూ డీజిలూ 2 లక్షలు, జీతాలూ కూళ్లూ లక్షన్నర, మందులూ మినరల్సూ లక్షన్నర, వడ్డీ లక్ష. అంతా కలిపి 22 లక్షల 50 వేలు. రైతుకు మిగిలేది మూడున్నర లక్షలు.

ఇప్పుడు కిలో ధర 260 నుంచి 210కి పడిందనుకుందాం. అంటే సుమారు 19 శాతం తగ్గుదల. రాబడి 21 లక్షలకు దిగుతుంది. ఖర్చు మాత్రం 22 లక్షల 50 వేల దగ్గరే ఉంది. మూడున్నర లక్షల లాభం లక్షన్నర నష్టంగా మారింది. మరో పంట వేయాలా వద్దా అని ఆలోచించే రైతు ఈ లెక్క చూసి చెరువు ఎండగట్టుకుంటాడు.

ఇదే లెక్కను ఇంకోలా చూద్దాం. మేత, లీజు, పిల్ల, కూలి, వడ్డీ అన్నీ అదే 19 శాతం తగ్గాయనుకుంటే ఖర్చు 18 లక్షల 17 వేలకు వస్తుంది. లాభం 2 లక్షల 83 వేలు. మునుపటి మూడున్నర లక్షల కంటే తక్కువే. అయితే బజారులో ధరలు కూడా అంతే తగ్గి ఉంటే ఈ 2 లక్షల 83 వేలతో మునుపు కొన్నవన్నీ కొనొచ్చు. రైతు చెరువు ఆపడానికి కారణమే ఉండదు. చెరువు మీది కుర్రాడి చేతికి తక్కువ రూపాయలు వచ్చినా వాటితో వచ్చే సరుకు అంతే.

చెరువు ఎండడానికి రొయ్య ధర పడటం ఒక్కటే చాలదని ఈ లెక్క చెబుతోంది. రొయ్య ధర పడి, మిగతావి పడకపోవాలి. తేడా ఆ మధ్యలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక్క సరుకు ధర మాత్రమే పడి, మిగతా ఆర్థిక వ్యవస్థ బాగుంటే దాన్ని మాంద్యం అనకూడదు. ఆ సరుకు పండించేవాళ్లు వేరే పనికి మళ్లాలని మార్కెట్ చెప్పే సంకేతం అది. సుంకం దెబ్బలో ఆ భాగం నిజంగా ఉంది, కూళ్లు ఎంత దిగినా అది పోదు. కానీ ఆకివీడు, కాళ్ల లాంటి మండలాల్లో రొయ్యే ప్రధాన ఆదాయం. అక్కడ రొయ్య ధర పడితే బట్టల కొట్టు నుంచి తాపీ పని వరకు అన్నిటికీ గిరాకీ పడుతుంది. దేశం మొత్తానికి గిరాకీ పడినప్పుడు జరిగేది చిన్న పరిధిలో చూడటానికి అందుకే ఈ ప్రాంతం పనికొస్తుంది.

## కూలి రేటు ఎందుకు దిగదు

పని లేక కూర్చున్న మనిషి తక్కువకైనా వస్తానని ఎందుకు అనడు? ఆ మాట అనిపించుకుని యజమాని ఎందుకు రేటు తగ్గించడు? పాఠ్యపుస్తకాల్లో దీనికి కార్మిక సంఘాలు, కనీస వేతన చట్టాలు, రాతపూర్వక ఒప్పందాలు అని జవాబులుంటాయి. పల్లెల్లో రోజు కూలికి ఇవేవీ పెద్దగా వర్తించవు. ఏ రోజు రేటు ఆ రోజు మాట్లాడుకోవచ్చు. సిద్ధాంతం ప్రకారం చూస్తే రేటు అన్నిటికంటే సులువుగా కదలాల్సింది ఇక్కడే.

అలా కదలడం లేదని ఆర్థికవేత్త సుప్రీత్ కౌర్ చూపించారు. 1956 నుంచి 2009 వరకు భారతదేశపు జిల్లాల్లో వ్యవసాయ కూలి రేట్లను వర్షపాతంతో పోల్చి ఆమె చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. వానలు బాగా పడిన ఏడు కూలి రేటు పెరిగింది. కరవు వచ్చిన ఏడు తగ్గలేదు. మంచి ఏడాదిలో పెరిగిన రేటు, మరుసటి ఏడు వానలు మామూలుగానే పడినా, మళ్లీ కిందికి రాలేదు. ఫలితంగా ఆ మరుసటి ఏడు కూలీలకు దొరికిన పని సుమారు 9 శాతం తగ్గింది. మంచి కాలం వాళ్ల రేటు పెంచింది, ఆ పెరిగిన రేటే తర్వాతి ఏడు వాళ్ల పనిదినాలను తగ్గించింది.

ధవళేశ్వరం ఆనకట్ట నీరు పారే డెల్టాలో వాన తేడాల ప్రభావం మెట్ట ప్రాంతాలంత ఉండదు. ఇక్కడ దెబ్బ ఎక్కువగా ధరల దారిన వస్తుంది. కారణం వేరైనా జరిగే తీరు ఒకటే.

ఎందుకు దిగదన్నదానికి ఆ అధ్యయనంలోని సర్వే ఇచ్చిన జవాబు చాలా మామూలుగా వినిపిస్తుంది. పనివాళ్లూ, పని ఇచ్చేవాళ్లూ కూడా రూపాయల్లో రేటు తగ్గించడాన్ని అన్యాయంగా చూస్తారు. తగ్గిస్తే పని మనసుపెట్టి చేయరని ఇద్దరూ నమ్ముతారు. ఊడ్పుల్లో నాటు పలచగా పడ్డా, కోతలో గింజ రాలినా, చెరువులో రాత్రి నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్ ఆగిన సంగతి గంట ఆలస్యంగా చూసుకున్నా రైతుకు వచ్చే నష్టం అతను మిగుల్చుకున్న కూలి కంటే ఎక్కువ. ఏరేటర్ విషయం మరీ సున్నితం. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చెరువు మొత్తం పోవచ్చు. ఆ కాపలా కాసే మనిషి జీతంలో వెయ్యి రూపాయలు కోయడానికి ఏ రైతూ తొందరపడడు. దానికంటే ఒక చెరువు తగ్గించుకుని, ఒక మనిషిని వచ్చే పంటకు రమ్మనకుండా ఊరుకోవడం తేలిక.

అమెరికాలో 1990ల మొదట్లో వచ్చిన మాంద్యం సమయంలో ట్రూమన్ బ్యూలీ అనే ఆర్థికవేత్త వందలమంది యజమానులను, మేనేజర్లను కలిసి ఇదే ప్రశ్న అడిగారు. వాళ్లు చెప్పిందీ దాదాపు ఇదే. జీతం కోస్తే అందరి మనసూ విరుగుతుంది, ఆ విరిగిన మనసుతో వాళ్లు రోజూ లోపలే పనిచేస్తారు. కొందరిని తీసేస్తే ఆ బాధ గేటు బయటికి వెళ్లిపోతుంది. కఠినంగా ఉన్నా యజమాని వైపు నుంచి అది లెక్క కుదిరే నిర్ణయం.

కూలీల వైపు నుంచి మరో అడ్డు ఉంది. ఒడిశా పల్లెల్లో ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, నందిత కృష్ణస్వామి కలిసి ఒక ప్రయోగం చేశారు. నడుస్తున్న రేటు కంటే తక్కువకు పని ఇస్తామని కొందరికి గుట్టుగా, కొందరికి ఇరుగుపొరుగుకు తెలిసేలా చెప్పారు. గుట్టుగా అడిగినచోట తక్కువకు ఒప్పుకున్నవాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. నలుగురికీ తెలిసేచోట దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. ‘నువ్వు రేటు చెడగొట్టావు’ అన్న మాట పడటం ఆ రోజు కూలి పోగొట్టుకోవడం కంటే ఎక్కువ ఖరీదు. డెల్టాలో ముఠాగా పనికి వెళ్లే పద్ధతి బలంగా ఉంది, రేటు మేస్త్రీ ద్వారా తెగుతుంది, ఊరంతటికీ ఒకటే ఉంటుంది. కాబట్టి ఒక్క మనిషి విడిగా తగ్గే అవకాశం ఇక్కడ ఇంకా తక్కువ.

దీన్ని కూలీల మొండితనంగా చూడటం సరికాదు. ఒకరు తగ్గితే అందరి రేటూ తగ్గుతుందని, మంచి రోజులొచ్చాక దాన్ని మళ్లీ పెంచుకోవడానికి ఏళ్లు పడుతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కరి నిర్ణయమూ సబబే. అన్నీ కలిస్తే పనిలేనివాళ్ల సంఖ్య పెరుగుతుంది.

## మేత, లీజు: దిగని ధరల లోపలి సంగతి

రొయ్యల మేత ధర మీద డెల్టా రైతుల ఫిర్యాదు పాతదే: ముడిసరుకు పెరిగినప్పుడు బస్తా ధర పెరుగుతుంది, తగ్గినప్పుడు తగ్గదు. దీనికి కంపెనీల లాభాపేక్ష ఒక్కటే కారణమంటే పూర్తి జవాబు కాదు. మేత ఎక్కువగా అరువు మీద నడుస్తుంది. రైతు పట్టుబడి చేసి బాకీ తీర్చేదాకా డీలరు ఆగుతాడు, ఆ ఆగినందుకు అయ్యే వడ్డీ, ఎగవేత భయం బస్తా ధరలోనే కలిసి ఉంటాయి. రొయ్య ధర పడిన కాలంలో ఎగవేత భయం పెరుగుతుంది. అంటే గిరాకీ తగ్గి ధర దిగాల్సిన సమయంలోనే ధరను పట్టి ఉంచే ఖర్చు ఇంకొకటి పైన చేరుతుంది. పైగా అమ్మేవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడు ఒకరు ధర తగ్గిస్తే మిగతావాళ్లూ తగ్గిస్తారు, వాటా పెరగదు, అందరి లాభమూ పోతుంది. కాబట్టి ఎవరూ ముందు కదలరు.

కదలిక వచ్చినా అది పక్కదారిన వస్తుంది. బస్తా మీద ధర మారదు, నగదుకు కొన్నవాళ్లకు డిస్కౌంట్ పెరుగుతుంది. నగదు లేని చిన్న రైతుకు ఆ తగ్గింపు అందదు. లీజులోనూ ఇంతే. ఎకరా రేటు పైకి అదే చెబుతారు, మొదటి వాయిదా ఆలస్యంగా కట్టమంటారు, లేదా గట్టు మరమ్మతు ఖర్చు యజమాని భరిస్తాడు. ఊళ్లో నడిచే రేటు దిగిందన్న మాట రాకుండా చూసుకోవాలని భూమి యజమాని తాపత్రయం. వచ్చే ఏడు ధర కోలుకుంటుందన్న ఆశా ఉంటుంది. ఆ ఆశతో కొన్నాళ్లు చెరువు ఖాళీగా ఉంచడానికైనా సిద్ధపడతాడు కానీ ఎకరాకు 20 వేలు తగ్గించి రెండేళ్లకు రాసివ్వడు.

వరి కౌలు దీనికి భిన్నం. డెల్టాలో కౌలు చాలాచోట్ల ఎకరాకు ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటారు. ధాన్యం ధర పడితే ఆ బస్తాల విలువ దానంతటదే పడుతుంది, ఎవరూ ఎవరినీ తగ్గించమని అడగక్కర్లేదు. ధర తేడా వరకూ కౌలురైతుకు అది రక్షణ. దిగుబడి పోయినప్పుడు మాత్రం అదే ఒప్పందం పీకకు చుట్టుకుంటుంది. తుపానులో పంట పోయినా బస్తాల సంఖ్య మారదు. ప్రతి ఒప్పందంలోనూ ఏదో ఒకటి బిగిసి ఉంటుంది. అది రూపాయల్లో బిగిసిందా సరుకులో బిగిసిందా అన్నదాన్ని బట్టి దెబ్బ ఎవరి మీద పడుతుందో తేలుతుంది.

## ఒక చెరువు ఎండితే ఊరు ఎందుకు మందగిస్తుంది

చెరువు ఎండగట్టిన రైతు దగ్గర మేత, పిల్ల, ఐస్ కొనుగోళ్లు ఆగుతాయి. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసే పనికి వెళ్లే ఆడవాళ్లకు షిఫ్టులు తగ్గుతాయి. వాళ్లకు రోజుకు, లేదా కిలోకు ఇచ్చే రేటు మారదు. నెలకు 25 రోజులు ఉండే పని 15 రోజులకు వస్తుంది. ఇంటి ఆదాయం 40 శాతం పడిపోతుంది, కాగితం మీద మాత్రం కూలి రేటు పైసా తగ్గినట్టు కనిపించదు.

ఆ ఇంటివాళ్లు బట్టలు కొనడం, ఇంటికి గది వేయడం వాయిదా వేస్తారు. తాపీమేస్త్రీ రోజు రేటు అలాగే ఉంటుంది, పిలుపులు తగ్గుతాయి. రేటు తగ్గించుకుంటే ఇల్లు కట్టేవాళ్లు కొందరు ముందుకొచ్చేవాళ్లు. కానీ తాపీమేస్త్రీకి బియ్యం, అద్దె, పిల్లల ఫీజు తగ్గలేదు, ఆయన ఎందుకు తగ్గుతాడు? ఫీజు తగ్గించని స్కూలుకు తన టీచర్ల జీతాలు తగ్గలేదు. ఇలా ఒక్కొక్కరూ పక్కవాళ్లు దిగితే తామూ దిగుదామని చూస్తారు. మాంద్యం సాగడంలో అసలు ముడి ఇక్కడే పడుతుంది.

ఒప్పందాలు వేర్వేరు నెలల్లో ముగియడం ఆ ముడిని ఇంకా బిగిస్తుంది. ఊళ్లో నాలుగు రకాల రేట్లు ఉన్నాయనుకుందాం: చెరువు లీజు, షాపు అద్దె, జీతాలు, కూలి రేటు. మూడు నెలలకొకటి చొప్పున వీటి గడువు వస్తుంది. నాలుగూ 20 శాతం దిగాలి. మొదట గడువు వచ్చిన చెరువు యజమాని మిగతా మూడూ పాత స్థాయిలోనే ఉన్నాయని చూసి ఐదు శాతమే తగ్గుతాడు. తర్వాతివాడు ఆ ఐదు శాతాన్ని చూసి తానూ కొంచెమే తగ్గుతాడు. ఎవరికీ పూర్తిగా దిగే కారణం కనిపించదు. ఒక్కో ఒప్పందం ఏడాదిదే అయినా మొత్తం సర్దుబాటుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ కాలమంతా కొన్ని చెరువులు ఖాళీగా, కొందరు మనుషులు పనిలేకుండా ఉంటారు.

ఒక దేశానికైతే ఇందులోంచి బయటపడటానికి ఒక అడ్డదారి ఉంది. తన కరెన్సీ విలువ దిగితే విదేశీ కొనుగోలుదారుకు ఆ దేశపు కూళ్లు, అద్దెలు, సరుకులు అన్నీ ఒక్కసారే చవకవుతాయి. లక్షల ఒప్పందాలను ఒక్కొక్కటిగా తిరగరాయక్కర్లేదు. 1930ల్లో బంగారంతో కరెన్సీని ముడిపెట్టిన విధానాన్ని ముందుగా వదిలేసిన దేశాలు మిగతావాటికంటే ముందు కోలుకోవడానికి ఇదో కారణమని ఆర్థికవేత్తలు బ్యారీ ఐకెన్‌గ్రీన్, జెఫ్రీ సాక్స్ 1985లో చూపించారు. భీమవరానికి విడిగా రూపాయి లేదు. భీమవరం రూపాయీ హైదరాబాద్ రూపాయీ ఒకటే కాబట్టి ఒక్క ప్రాంతానికి తగిలిన దెబ్బకు ఆ దారి దొరకదు. రేట్లు ఒక్కొక్కటీ దిగాలి, లేకపోతే మనుషులు హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్లాలి. డెల్టా నుంచి వలసలకు ఇదొక్కటే కారణం కాదు గానీ, రేటు దిగనిచోట మనిషి కదలడం మాత్రం సర్దుబాటులో భాగమే.

## అన్నీ దిగితే బాగుపడతామా? 1930ల అనుభవం

ఇంతవరకూ చదివితే కూళ్లు దిగితే చాలు, మాంద్యం తీరిపోతుందని అనిపించవచ్చు. ఆ మాట తప్పు అనడానికి రుజువు ఈ డెల్టా చరిత్రలోనే ఉంది.

1929 తర్వాత ప్రపంచమంతటా పంటల ధరలు కూలాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో బియ్యం ధర కొద్దేళ్లలో దాదాపు సగానికి పడింది. అప్పటి డెల్టాలో కోత కూలి ఎక్కువగా ధాన్యంగానే ఇచ్చేవారు, పాలేరు జీతం కూడా ఏడాదికి ఇంత ధాన్యమని మాట్లాడుకునేవారు. అంటే ధాన్యం ధరతోపాటే కూలి ఖర్చు రూపాయల్లో దానంతటదే దిగింది. ఈనాటి కంటే అప్పటి కూలి మార్కెట్ ధరలతోపాటు చాలా మేర కదిలే గుణం ఉన్నదే. అయినా మాంద్యం త్వరగా తెమలలేదు.

బిగిసి ఉన్నవి వేరే ఉన్నాయి. ప్రభుత్వానికి కట్టే శిస్తు నగదులో ఉంది. ధాన్యం ధర సగానికి పడితే అదే శిస్తు కట్టడానికి రెట్టింపు బస్తాలు అమ్మాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు పెంచే రీసెటిల్‌మెంట్ ప్రయత్నం జరిగి, రైతులు పెద్ద ఎత్తున ఆందోళనకు దిగారు. షావుకారు అప్పు కూడా రూపాయల్లోనే ఉంది, ధర బాగున్న రోజుల్లో భూమి తనఖా పెట్టి తెచ్చినది. రూపాయి విలువను 1927లోనే 18 బ్రిటిష్ పెన్నీలకు కట్టేశారు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారాన్ని వదిలేశాక కూడా రూపాయి పౌండుతో అదే ముడిలో ఉండిపోయింది. శిస్తూ వడ్డీ కట్టడానికి దేశమంతటా కుటుంబాలు ఇంట్లోని బంగారం అమ్ముకున్నాయి, ఆ బంగారం ఓడలకొద్దీ విదేశాలకు వెళ్లింది.

ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1933లో వివరించింది ఈ పరిస్థితినే. అప్పులు రూపాయల్లోనో డాలర్లలోనో బిగిసి ఉన్నప్పుడు ధరలు ఎంత దిగితే అప్పు భారం అంత పెరుగుతుంది. భారం పెరిగినవాళ్లు ఇంకా అమ్ముకుంటారు, ధరలు ఇంకా దిగుతాయి. మూడేళ్ల తర్వాత బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ కూడా కూలి కోత ఒక్కటే మాంద్యానికి మందు కాదని ఇదే తోవలో వాదించారు: ఒకరి కూలి ఇంకొకరికి గిరాకీ, అందరి కూళ్లూ దిగితే గిరాకీ కూడా దిగుతుంది, అప్పు మాత్రం దిగదు.

చివరికి మద్రాసు ప్రభుత్వం చేసింది బిగిసిన దాన్నే కదిలించడం. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. ధరల పతనం మొదలైన తొమ్మిదేళ్లకు ఇది వచ్చింది. అప్పటికి చాలామంది భూములు చేతులు మారాయి.

ఐదెకరాల చెరువు లెక్కకు దీన్ని అన్వయిస్తే, అన్ని ఖర్చులూ 19 శాతం తగ్గితే బతికిపోయే ఆ రైతుకు పాత పంటల బాకీ 15 లక్షలు ఉందనుకుందాం. మునుపు ఏడాదికి రెండు పంటల లాభం, 7 లక్షల లెక్కన, అది రెండేళ్లలో కొంచెం పైన తీరేది. ఇప్పుడు లాభం ఏడాదికి 5 లక్షల 66 వేలు, బాకీ మాత్రం 15 లక్షలే. తీరడానికి మరో అర్ధ సంవత్సరం పైన పడుతుంది, అదీ ఇంటి ఖర్చుకు పైసా తీయకుండా. రేట్లన్నీ దిగినా అప్పు దిగకపోతే సమస్య సగమే తీరుతుంది.

## ధరలు నెమ్మదిగా పెరిగితే ఏం జరుగుతుంది

రూపాయల్లో రేటు తగ్గించడం అన్యాయంగా కనిపిస్తుంది, రేటు పెంచకపోవడం మాత్రం అంతగా కనిపించదు. కూలి రేటు 600 రూపాయల దగ్గర మూడేళ్లు ఆగిపోయి, ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే ఆ 600తో వచ్చేది పాత లెక్కలో 504 రూపాయల సరుకే. ఎవరూ ఎవరినీ తగ్గించలేదు, గొడవ జరగలేదు, కానీ అసలు కూలి 16 శాతం దిగింది. సుప్రీత్ కౌర్ అధ్యయనంలోనూ ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్న కాలాల్లో కరవు వస్తే అసలు కూలి ఇలాగే దిగినట్టు కనిపించింది. అప్పు భారమూ ఇదే దారిన కరుగుతుంది.

రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం సున్నా కాకుండా 4 శాతం దగ్గర ఉండటానికి ఉన్న కారణాల్లో ఈ వెసులుబాటు కూడా ఒకటిగా చెప్పుకోవచ్చు. దీనికి మూల్యం ఉంది, దాన్ని దాచకూడదు: కూలి మీద బతికే ఇంట్లో ఆ 96 రూపాయల సరుకు నిజంగానే తగ్గుతుంది. పనిదినాలు నిలబడితేనే దానికి అర్థం.

2025లో ఈ వెసులుబాటు దాదాపు లేకుండా పోయింది. ఆ ఏడాది అక్టోబరులో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 0.25 శాతం. కూరగాయలూ ఇతర ఆహార సరుకుల ధరలు పడటమే అందుకు ముఖ్య కారణం, కొనుక్కుని తినే ఇంటికి అది ఊరటే. కానీ రొయ్య ధర దెబ్బతిన్న ప్రాంతంలో కూలి, లీజు, బాకీ కాలంతోపాటు కరిగే వేగం కూడా అదే సమయంలో ఆగిపోయింది.

## ఇది రేట్ల బిగుతేనా, వేరే కారణమా

చెరువులు ఖాళీగా ఉన్నంత మాత్రాన దిగని రేట్లే కారణమని తేల్చడానికి లేదు. వైట్ స్పాట్, ఇ.హెచ్.పి. లాంటి రొయ్యల జబ్బులతో పంట పోయినా చెరువులు ఖాళీ అవుతాయి. అప్పుడు లీజు ఎంత తగ్గినా రైతు పిల్ల వేయడు. జబ్బు కారణమైతే ఊళ్లో ఒక చెరువు పోయి పక్కది నిలుస్తుంది, పండినవాడికి లాభం ఉంటుంది. రేట్ల బిగుతు కారణమైతే పంట బాగా పండినవాడు కూడా నష్టపోతాడు.

రెండో గుర్తు రేట్ల మార్పులోనే దొరుకుతుంది. ఊళ్లో వందమంది కూలి, జీతాల వివరాలు నిరుటితో పోలిస్తే మార్పులు రెండు వైపులా సమంగా ఉండవు. పెరిగినవి కొన్ని ఉంటాయి, తగ్గినవి అరుదు, మార్పే లేనివి గుట్టగా పోగుపడతాయి. తగ్గాల్సినవన్నీ సున్నా దగ్గర ఆగిపోయిన గుర్తు ఆ గుట్ట. కార్మిక శాఖలు, సర్వేలు సాధారణంగా రోజు కూలి సగటు చూస్తాయి. ఆ సగటు నిలకడగా ఉంటే కూలీల పరిస్థితి బాగుందని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. చూడాల్సిన రెండో అంకె నెలలో దొరికిన పనిదినాలు. రేటు నిలబడి రోజులు పడిపోతుంటే మాంద్యం లోపల పనిచేస్తున్నట్టే.

మూడోది ఒప్పందాల గడువు. లీజులు తిరగరాసే కాలం దాటాక రేటు నిజంగా దిగి, ఖాళీ చెరువుల్లో పిల్ల పడటం మొదలైతే సర్దుబాటు సాగుతున్నట్టు. గడువు దాటినా పైకి చెప్పే రేటు అదే ఉండి, డిస్కౌంట్లూ వాయిదాల సడలింపులూ మాత్రమే పెరుగుతుంటే ఆ సడలింపు నగదు ఉన్నవాళ్ల వరకే అందుతుంది. అప్పు మీద సాగుచేసే కౌలుదారు చెరువు మరో ఏడాది ఖాళీగా ఉండే అవకాశమే ఎక్కువ.